ఎనిమిది లక్షలు చూపించమంటున్నారు, నా లెక్క అంత రావడం లేదు

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఆటో విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఇంజినీరుని. మాకు 37 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్ ఉంది. రోజంతా నడుస్తుంది, ఆదివారం కూడా ఎవరూ ఆపరు. గాలి లీకేజీలు విపరీతంగా ఉన్నాయని జూన్, జూలైల్లో వెతికి వెతికి సరిచేశాం. ముందు ఆదివారం టెస్టులో కంప్రెసర్ 90 సెకన్లు లోడు, 150 సెకన్లు అన్‌లోడు ఉండేది. ఇప్పుడు 36 సెకన్లు లోడు, 264 సెకన్లు అన్‌లోడు. క్లాంప్ మీటర్‌తో చూస్తే లోడులో 41 కిలోవాట్లు, అన్‌లోడులో 14 తీసుకుంటోంది. ప్యానెల్ మీటర్‌లో రోజు సగటు జూన్‌లో 865 యూనిట్లు, ఆగస్టులో 680. ఖర్చు 52 వేలు అయింది. నేను ఏడాదికి 6 లక్షల 77 వేలు ఆదా అని లెక్కేశాను. మా హెచ్.ఓ.డి. బ్రేక్‌డౌన్ టైమ్ కూడా కలిపి 8 లక్షలు వేయమంటున్నారు, కార్పొరేట్ కైజెన్ పోటీకి పంపాలట. అకౌంట్స్ ఆయనేమో కరెంటు బిల్లులో తేడా ఎక్కడుందని నవ్వుతున్నారు, పైగా ఆగస్టులో ప్రొడక్షన్ 8 శాతం తక్కువ అంటున్నారు. సబ్బునీళ్ల సీసా పట్టుకుని లీకులన్నీ పట్టింది మా కాంట్రాక్టు హెల్పర్. అతని పేరు స్లైడులో వద్దంటున్నారు. వచ్చే వారమే ప్రెజెంటేషన్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చూపించాలి?

సమాధానం: ముందు ఒక మాట. మీరు చేసిన పని నికార్సైనది, మీ రీడింగులు కూడా బాగున్నాయి. చాలామంది దగ్గర ‘ముందు’ రీడింగే ఉండదు, పని అయిపోయాక గుర్తొస్తుంది. తేడా వచ్చిందల్లా డబ్బు లెక్కలో. అది మీ హెచ్.ఓ.డి. దగ్గర మొదలవలేదు, మీ 6 లక్షల 77 వేల దగ్గరే మొదలైంది. అందుకే పోటీ సంగతి, పేరు సంగతి కాస్త పక్కన పెట్టి ఆ అంకెతో మొదలుపెడదాం.

మీరు చేసింది ఇదీ అనుకుంటున్నాను. ముందు టెస్టులో 240 సెకన్లలో 90 సెకన్లు లోడు, అంటే 37.5 శాతం గాలి లీకులకే పోతోంది. ఇప్పుడు 300 సెకన్లలో 36, అంటే 12 శాతం. తేడా 25.5 శాతం. ఇంతవరకు అక్షరాలా కరెక్టు. తర్వాత ఆ 25.5 శాతాన్ని 41 కిలోవాట్లతో హెచ్చించి, 7200 గంటలు వేసి, యూనిట్‌కి 9 రూపాయలు కట్టారు. 6.77 లక్షలు వచ్చేస్తుంది. ఇందులో రెండు తప్పులున్నాయి, రెండూ అందరూ చేసేవే.

మొదటిది, గాలి ఆదా అయినంత మాత్రాన కరెంటు అంతా ఆదా కాదు. మీది లోడు-అన్‌లోడు కంప్రెసర్. గాలి అక్కర్లేనప్పుడు అది ఆగిపోదు, ఊరికే తిరుగుతూ 14 కిలోవాట్లు తింటూనే ఉంటుంది. లోడులో ఉండాల్సిన ఒక గంట అన్‌లోడులోకి మారితే మీకు మిగిలేది 41 కాదు, 41లోంచి 14 తీసేస్తే వచ్చే 27. ఆ 27లో 25.5 శాతం అంటే 6.9 కిలోవాట్లు. 7200 గంటలకి సుమారు 49,600 యూనిట్లు. మీరు వేసుకున్నది 75 వేల యూనిట్లు. మూడో వంతు అక్కడే ఎగిరిపోయింది.

రెండోది ఆ 9 రూపాయలు. మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగిస్తే వచ్చిన సగటు అయి ఉంటుంది. కానీ హెచ్.టి. బిల్లులో రెండు ముక్కలుంటాయి కదా, యూనిట్ల మీద ఎనర్జీ చార్జీ ఒకటి, కేవీఏ మీద డిమాండ్ చార్జీ ఒకటి. తెలంగాణలో డిమాండ్ చార్జీ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్ మీద గానీ, ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. మీరు లీకులు ఆపినా కంప్రెసర్ లోడులోకి వచ్చిన ప్రతిసారీ 41 లాగుతూనే ఉంది, కాబట్టి గరిష్ఠ డిమాండ్ దాదాపు కదలదు. కదిలినా 80 శాతం గీత కిందికి పోయిన భాగానికి ఒక్క రూపాయి తగ్గదు. అందుకని ఆదా లెక్కకి ఎనర్జీ చార్జీ ఒక్కటే వాడాలి. మీ బిల్లు తీసి చూడండి, ఇక్కడ లెక్క కోసం 7 రూపాయల 65 పైసలు అనుకుంటున్నాను. 49,600 యూనిట్లకి 3 లక్షల 79 వేలు వస్తుంది.

6.77 నుంచి 3.79కి పడిపోయిందని ఉసూరుమనిపించొచ్చు. కానీ ఈ అంకెకి మీ దగ్గర రెండో సాక్షి ఉంది, అదే ప్యానెల్ మీటర్. అకౌంట్స్ ఆయన ప్రొడక్షన్ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

865 నుంచి 680 అంటే రోజుకి 185 యూనిట్లు. ఇదంతా లీకుల పుణ్యమే అని స్లైడులో పెడితే ఆయన మిమ్మల్ని అక్కడే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. పని తగ్గితే గాలి వాడకం తగ్గుతుంది మరి. అలాగని ‘వెయ్యి పీసులకి ఎన్ని యూనిట్లు’ అని భాగించి చూపించడం కూడా మీ కేసులో సరిపోదు. లీకు ప్రొడక్షన్‌ని చూసి కారదు. మిషన్లు నిండుగా నడిచినా, ఖాళీగా ఉన్నా అదే గాలి పోతుంది, అదొక స్థిరమైన ఖర్చు. దాన్ని పీసులతో భాగిస్తే ప్రొడక్షన్ తక్కువున్న నెల అన్యాయంగా చెడ్డగా కనిపిస్తుంది, మీ ఆదా ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది.

దీనికి తేలికైన దారి ఒకటుంది. జూన్ లాగ్‌బుక్ తీసి, ఆగస్టు సగటుకి దగ్గరగా ప్రొడక్షన్ జరిగిన రోజుల్ని ఏరండి. ఆదివారాలు, పవర్‌కట్ రోజులు, పెద్ద బ్రేక్‌డౌన్ రోజులు తీసేయండి. మరమ్మతులు మొదలుకాని తొలి రోజుల్నే తీసుకోండి, సగం లీకులు సరిచేశాక వచ్చిన రోజులు ‘ముందు’లోకి రావు. ఆ రోజుల మీటర్ సగటు చూడండి. మీ పరీక్ష అంకెల్ని బట్టి అది 840 దగ్గర రావాలి. వచ్చిందనుకుంటే 840లోంచి 680 పోతే 160 యూనిట్లు. మిగతా 25 యూనిట్లు ప్రొడక్షన్ తగ్గడం వల్ల వచ్చినవి, అవి మీవి కావు. 160 యూనిట్లు, 300 రోజులు, 48 వేల యూనిట్లు, 3 లక్షల 67 వేల రూపాయలు. టెస్టు ప్రకారం 3.79, మీటర్ ప్రకారం 3.67. వేర్వేరు దారుల్లో వెళ్లి ఒక్క ఊరికే చేరాయంటే ఆ అంకెని ఎవరూ కదిలించలేరు. స్లైడులో మాత్రం చిన్నదే వేయండి. లోడులోంచి అన్‌లోడులోకి వెళ్లిన మొదటి కొద్ది సెకన్లు కంప్రెసర్ లోపల ప్రెషర్ దిగేదాకా 14 కన్నా ఎక్కువే తీసుకుంటుంది, టెస్టు లెక్క దాన్ని పట్టుకోదు, మీటర్ పట్టుకుంటుంది.

అయితే ఒకటి చూసుకోండి, రెండు ఆదివారాల టెస్టులూ ఒకే పరిస్థితుల్లో చేశారా? మొదటిసారి మిషన్ల గాలి వాల్వులు తెరిచి ఉంచి, రెండోసారి మూసేసి ఉంటే మిషన్ల లోపలి లీకులు, సిలిండర్ సీళ్లు, వాల్వులు, రెగ్యులేటర్ బౌళ్లు అన్నీ లెక్కలోంచి మాయమవుతాయి. అంకె బ్రహ్మాండంగా వస్తుంది, కానీ అది అబద్ధం. ప్రెషర్ సెట్టింగ్ మార్చినా అంతే, ప్రెషర్ తగ్గితే ఉన్న చిల్లులోంచే తక్కువ గాలి పోతుంది. తేడా ఉందనిపిస్తే ఈ ఆదివారమే మొదటి టెస్టు పరిస్థితుల్లో మళ్లీ చేసి ఆ రీడింగే వాడండి. ఒక్క చక్రం చూసి రాసేయకుండా ఐదారు చక్రాల సగటు తీసుకోండి.

‘బిల్లులో తేడా ఏదీ’ అన్న ప్రశ్నకి కోపం తెచ్చుకోవద్దు. మీకు నెలకి మిగిలేది 4 వేల యూనిట్లు. ఫ్యాక్టరీ మొత్తం నెలకి రెండు లక్షల యూనిట్లు వాడుతుందనుకుంటే అది 2 శాతం. ఒక షిఫ్టు ఓవర్‌టైమ్ నడిచినా, ఎండలు ముదిరి ఏసీలు ఎక్కువసేపు తిరిగినా ఆ 2 శాతం కలిసిపోతుంది. కాబట్టి బిల్లు మీద వాదించకండి, కంప్రెసర్ మీటర్ ముందు పెట్టండి. ఇంకా మంచిది, ప్రెజెంటేషన్‌కి ముందే ఆయన దగ్గరికి లాగ్‌బుక్ పట్టుకెళ్లి, ఏ రోజులు పోల్చాలో మీరే ఏరండని అడగండి. ఆయన ఏరిన రోజులతో వచ్చిన అంకె మీద ఆయనే సంతకం పెడతారు. ‘అకౌంట్స్ సరిచూసింది’ అని కింద చిన్న అక్షరాల్లో ఉంటే కార్పొరేట్ వాళ్లు ఆ స్లైడు దగ్గర ఆగరు.

ఇప్పుడు 8 లక్షల విషయం. మీ ముందు మూడు దారులున్నాయి.

ఆయన చెప్పినట్టు 8 వేసేయొచ్చు. ఈ వారం ప్రశాంతంగా గడుస్తుంది, బహుమతి కూడా రావొచ్చు. కానీ చాలా కంపెనీల్లో ఒప్పుకున్న ఆదాని వచ్చే ఏడాది బడ్జెట్‌లోంచి కోసేస్తారు. కరెంటు పద్దులో 8 లక్షలు తగ్గించి, నిజంగా 3.67 మాత్రమే తగ్గితే ఆ నాలుగు లక్షల పైచిలుకు ఎక్కడని ఏప్రిల్ తర్వాత మెయింటెనెన్స్‌నే అడుగుతారు. అప్పటికి ఆయన బదిలీ మీద ఇంకో ప్లాంటులో ఉండొచ్చు, స్లైడు మీద పేరు మీది.

లేదా మీటింగులో అందరి ముందూ ‘అది తప్పు సార్’ అనొచ్చు. నిజమే చెప్పినట్టు అవుతుంది గానీ, రోజూ ఆయన కిందే పనిచేయాలి. ఆయన లెక్క తప్పని నిరూపించడం వల్ల మీ లెక్కకి కొత్తగా బలమేమీ రాదు. ఈ దారి నేనైతే ఆఖరికి ఉంచుకుంటాను.

మూడోది, ఆయనకి కావాల్సిన పెద్ద అంకెని నిజాయతీగా వెతికివ్వడం. అది మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేరు. ఆదివారం కూడా కంప్రెసర్ ఎవరూ ఆపరన్నారు. ఒక్క పీసు తయారవని రోజున, లీకులు ఇంత తగ్గాక కూడా, అది 12 శాతం సేపు 41, మిగతా సేపు 14 తీసుకుంటోంది. సగటున 17 కిలోవాట్లు, ఇరవైనాలుగు గంటలకి 410 యూనిట్ల పైనే. ఏడాదికి 50 ఆదివారాలు వేసుకుంటే 20 వేల యూనిట్లు దాటుతుంది, లక్షన్నర రూపాయలు! స్విచ్ ఆపడమే పని. పైన వేసిన 3.67 పనిదినాలదే కాబట్టి ఇందులో రెండుసార్లు లెక్కపెట్టిందేమీ లేదు. ఎందుకు ఆపడం లేదో మాత్రం ముందు కనుక్కోండి. ఆదివారం క్లీనింగ్‌కి ఎవరో బ్లోగన్ వాడుతుంటారు, లేదా ఏదో ఒక మిషన్ క్లాంపు గాలి మీద నిలబడి ఉంటుంది, గాలి పోతే జాబ్ వదిలేస్తుంది. అలాంటిది ఒకటి ఉంటే దానికి చిన్న పిస్టన్ కంప్రెసర్ పెట్టి పెద్దది ఆపొచ్చు.

అప్పుడు హెచ్.ఓ.డి. గారితో మాట ఇలా మొదలవుతుంది: ‘సార్, సాధించింది 3 లక్షల 67 వేలు, అకౌంట్స్ సంతకంతో. రెండో దశలో ఇంకో లక్షన్నర, పెట్టుబడి దాదాపు లేకుండా. మొత్తం 5 లక్షలు దాటుతుంది. 8 వేస్తే బడ్జెట్‌లో మనకే దెబ్బ.’ ఆయనకి చెప్పుకోవడానికి రెండు దశలు దొరుకుతాయి, మీకు అబద్ధం తప్పుతుంది. రెండు అంకెల్నీ ఒకే డబ్బాలో కలిపి వేయకండి, ‘వచ్చింది’ వేరు, ‘రాబోయేది’ వేరు. అయినా ఆయన 8కే పట్టుబడితే, లెక్క వివరాలన్నీ ఆయనకి మెయిల్‌లో పంపి, ఏ అంకె వేయమంటారో జవాబు ఇవ్వమని మర్యాదగా అడగండి. లిఖితపూర్వకంగా అడిగితే చాలామంది తగ్గుతారు.

బ్రేక్‌డౌన్ టైమ్ సంగతి. గాలి ప్రెషర్ పడిపోయి మిషన్లు ఆగడం తగ్గిందంటే మంచిదే, కానీ ఆగిన నిమిషాల్ని రూపాయల్లోకి మార్చాలంటే ఆ మిషన్ లైను మొత్తానికి ఇరుకు దారి అయి ఉండాలి, ఆ నిమిషాల్లో చేసిన పీసులు అమ్ముడుపోయి ఉండాలి. ఆగస్టులో అసలు ఆర్డర్లే 8 శాతం తగ్గాయేమో కదా, మిగిలిన నిమిషాలతో ఎవరికి అమ్మారు? నెలకి ఎన్నిసార్లు ఆగేది, ఇప్పుడు ఎన్నిసార్లు ఆగుతోంది అని లాగ్‌బుక్‌లోంచి రాయండి, రూపాయి గుర్తు పెట్టకండి.

ఇక ఆదా నిలబెట్టడం. మీ ప్రెజెంటేషన్‌లో ఇదే బలహీనంగా ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే మీ ఉత్తరంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. గాలి లీకులు మళ్లీ వస్తాయి, ఆర్నెల్లు వదిలేస్తే మళ్లీ 30 శాతం దగ్గరికి వెళ్లొచ్చు. ‘అవగాహన కల్పిస్తాం, నిరంతరం పర్యవేక్షిస్తాం’ అని ఆఖరి స్లైడులో రాస్తే ఏమీ రాయనట్టే.

మీరు సరిచేసిన లీకుల పట్టిక తీసి అవి ఎక్కడ వచ్చాయో చూడండి. మెయిన్ పైపు మీద తక్కువే ఉంటాయి. ఎక్కువగా మిషన్ దగ్గర, పీయూ ట్యూబు పుష్‌ఫిట్టింగ్‌లోకి దూరే చోట, క్విక్ కప్లర్ల దగ్గర, రెగ్యులేటర్ కింద డ్రెయిన్ దగ్గర ఉంటాయి. పీయూ ట్యూబు సంగతే తీసుకోండి. ఆపరేటర్ దాన్ని జేబులో ఉన్న బ్లేడుతోనో కటింగ్ ప్లయర్‌తోనో కోస్తాడు, కోత ఏటవాలుగా వస్తుంది లేదా ట్యూబు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. ఫిట్టింగ్ లోపల ఉన్న రబ్బరు రింగు చుట్టూ సమానంగా కూర్చోదు, ఒకవైపు సన్నగా బుస్సుమంటుంది. దాని మీద టెఫ్లాన్ టేపు చుడతారు. టేపు మరల మీద పనిచేస్తుంది గానీ ట్యూబు మీద పనిచేయదు, రెండు రోజులు చప్పుడు తగ్గుతుందంతే. ఎందుకు చుడతాడు? కొత్త ఫిట్టింగ్ కావాలంటే ఇండెంట్ రాయాలి, సంతకం కావాలి, స్టోర్స్ తెరిచి ఉండాలి, రాత్రి షిఫ్టులో ఈ మూడూ ఉండవు. ఇది మనిషి అలసత్వం కాదు, ఫిట్టింగ్ చేతికి అందకపోవడం.

కాబట్టి నిలబెట్టే మొదటి పని ఒక డబ్బా. మీరు ఎక్కువగా వాడే సైజుల పుష్‌ఫిట్టింగులు, ట్యూబు చుట్టలు, కప్లర్లు, ఒక ట్యూబ్ కట్టర్, ఇవి షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర ఉండాలి, సంతకం లేకుండా తీసుకోవచ్చు, పాత ముక్క డబ్బాలో వేసి కొత్తది పట్టుకెళ్లాలి. దీనికి ఏడాదికి 35 వేలు అవుతుందనుకోండి, ఆ ఖర్చుని దాచకుండా స్లైడులోనే పెట్టండి. మొదటి ఏడాది ఆదా 3.67, అయిన ఖర్చు 52 వేలు, డబ్బా 35 వేలు, నికరం 2 లక్షల 80 వేలు. రెండో ఏడాది నుంచి ఏటా 3 లక్షల 30 వేల పైన. పెట్టిన 52 వేలు రెండు నెలల్లోపే తిరిగొచ్చేస్తాయి. ఖర్చులు తీసేసి చెప్పిన అంకెని నమ్మినంతగా పైపై అంకెని ఎవరూ నమ్మరు.

రెండోది, నెలకో ఆదివారం అదే టెస్టు, అరగంట. కంప్రెసర్ ఆదివారాలు ఆపేసినా ఈ అరగంటకి నడపండి. లోడు సెకన్లు, అన్‌లోడు సెకన్లు, శాతం, నలుగురూ చూసేలా కంప్రెసర్ గది తలుపు మీద రాయాలి. గీత ఎక్కడ గీయాలంటే, ఇప్పుడు 12 ఉన్నారు కాబట్టి 15 అనండి. 15 దాటిన వారం సబ్బునీళ్లు బయటికి తీయాలి, దాటకపోతే ఎవర్నీ కదిలించక్కర్లేదు. 5 శాతానికి తెస్తాం అని మాత్రం రాయకండి. మీ ఫ్యాక్టరీ వయసుకి అది కష్టం, ఆఖరి ఏడు శాతం కోసం పెట్టే ఖర్చు వచ్చే ఆదాని మింగేయొచ్చు.

కంట్రోలర్ తెర మీద మొత్తం నడిచిన గంటలు, లోడులో ఉన్న గంటలు వేర్వేరుగా కనిపిస్తాయి, రోజూ ఉదయం ఆ రెండూ రాసుకుంటే చాలు. ప్రొడక్షన్ అంతే ఉండి లోడు గంటలు పెరుగుతుంటే నెల ఆఖరు దాకా ఆగకుండా ముందే తెలిసిపోతుంది.

ఇక మీ హెల్పర్ సంగతి ఇక్కడే కలుస్తుంది. ఏ లీకు ఏ మిషన్ వెనక ఉందో, ఏ రెగ్యులేటర్ బౌల్ ఎప్పుడూ వదులవుతుందో అతనికే తెలుసు. కాంట్రాక్టు మారి అతను వెళ్లిపోతే మీ లీకేజీ జ్ఞానం సగం అతనితో పోతుంది. హెచ్.ఓ.డి. గారికి ‘న్యాయం’ అని చెబితే వినకపోవచ్చు, ‘నిలబెట్టే ప్లాన్‌లో లీకు పరీక్ష చేసే మనిషి పేరు రాయకపోతే, ఇది ఎవరు చేస్తారని కార్పొరేట్ అడుగుతుంది’ అని చెప్పండి. బాధ్యుల గడిలో అతని పేరు, పక్కన మీ పేరు. కాంట్రాక్టు మనిషి పేరు రాయడానికి హెచ్.ఆర్. వాళ్లకి నిజంగానే ఇబ్బంది ఉండొచ్చు, కొన్ని చోట్ల ఉంటుంది. అప్పుడు స్లైడులో కాకపోయినా మీరు మాట్లాడేటప్పుడు నోటితో పేరు చెప్పండి, దాన్ని ఎవరూ కొట్టేయలేరు. వీలైతే అతన్ని గదిలోకి తీసుకెళ్లి, సబ్బు బుడగల వీడియో వేసినప్పుడు అది ఎక్కడ తీశారో అతన్నే చెప్పమనండి. లీకు ఫొటోలో కనిపించదు, వీడియోలోనే కనిపిస్తుంది, ఎలాగూ అది పెట్టాల్సిందే.

స్లైడులు ఆరు దాటనివ్వకండి. శుక్రవారం లోపు అకౌంట్స్ ఆయనతో కూర్చుని రోజులు ఏరడం, ఆదివారం టెస్టు మళ్లీ చేయడం, ఆదివారం కంప్రెసర్ ఎందుకు నడుస్తోందో ఆరా తీయడం, ఈ మూడూ అయ్యాకే పవర్‌పాయింట్ తెరవండి. 840 అని నేను వేసిన అంకె మీ లాగ్‌బుక్‌లో 825 వచ్చినా 850 వచ్చినా, వచ్చిందే వేసి దాని మీదే లెక్క కట్టండి.